కోచ్ ఒప్పుకుంటే సరిపోతుందా? డాక్యుమెంటరీలో ఎవరి కోసం ఎవరు సంతకం పెట్టాలి

ప్రశ్న: కరాటే నేర్పే ఒకాయన మీద 25 నిమిషాల డాక్యుమెంటరీ తీస్తున్నాను. ఆయన ఒప్పుకున్నారు, క్లాసు జరిగే హాలు కూడా ఆయనే నడుపుతున్నారు. క్లాసులో 18 మంది పిల్లలు ఉంటారు. హాలు బయట వీధిలో కూడా కొన్ని షాట్లు కావాలి. తమను తీసింది సినిమాలో వాడుకోవచ్చని అందరి దగ్గరా రిలీజ్ ఫారాలు తీసుకోవాలా? కోచ్ పర్మిషన్ ఉంటే చాలదా?

చాలదండీ. కోచ్ సంతకం కోచ్ ఒక్కడికే పనికొస్తుంది. ఒక్కో పిల్లాడికీ వాళ్ళ అమ్మో నాన్నో, లేకపోతే చట్టప్రకారం సంరక్షకులో సంతకం పెట్టాలి. హాలుకి ఆ హాలు మీద హక్కున్న మనిషి పెట్టాలి, అది మీ కోచే కావాలని లేదు. వీధిలో పోయేవాళ్ళందరి వెంటా మాత్రం ఫారం పట్టుకుని పరిగెత్తక్కర్లేదు. అది మీరు వాళ్ళను ఎలా చూపిస్తారు, ఏ దేశంలో తీస్తున్నారు అన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

నేను లాయర్‌ని కాను. చిన్న డాక్యుమెంటరీలకు ప్రొడక్షన్ పని చూస్తాను, అందులో సగం ఈ కాగితాల గొడవే. చట్టం దేశదేశానికీ మారుతుంది కాబట్టి చివర్లో మీ దగ్గరి లాయర్ ఎవరికైనా ఒకసారి ఫారాలు చూపించండి. నేను చెప్పేది షూటింగులో, ఎడిటింగులో ఏం జరుగుతుందో దాని గురించి.

ముందు పిల్లల సంగతి, ఎందుకంటే మీ సినిమా ఆగిపోతే అక్కడే ఆగిపోతుంది.

కొన్నేళ్ళ క్రితం పిల్లలకు డ్రమ్స్ నేర్పే ఒక మాస్టారు మీద సినిమా చేశాం. దాదాపు మీ పరిస్థితే. 14 మంది పిల్లలు, సాయంత్రం క్లాసు, మాస్టారంటే ఊరంతా గౌరవం. ఆయన "తల్లిదండ్రులంతా నాకు తెలిసినవాళ్ళే, నేను చెప్తాగా" అన్నారు. మేం ఆ మాట మీద ఆగకుండా ఫారాలు ఇంటికి పంపాం, అక్కడిదాకా బాగానే చేశాం. మొదటి రోజుకి 12 వచ్చాయి. మిగతా ఇద్దరి ఇళ్ళవాళ్ళూ "రేపు తెస్తాం" అన్నారు. ఆ రేపు రావడానికి మూడు వారాలు పట్టింది, ఈలోగా ఆ ఇద్దరు పిల్లలూ ప్రతి వైడ్ షాట్‌లోనూ ఉన్నారు. చివరికి సంతకాలు వచ్చాయి కాబట్టి బతికిపోయాం, రాకపోయుంటే మూడు వారాల ఫుటేజ్ పక్కన పెట్టాల్సిందే.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. ఎడిటింగ్ దాదాపు అయిపోయాక, ట్రైలర్ చూసి ఒక తండ్రి మెయిల్ పెట్టాడు, "మా అబ్బాయిని తీయడానికి నేను ఒప్పుకోలేదు" అని. ఫారం తీసి చూస్తే తల్లి సంతకం శుభ్రంగా ఉంది. సంగతేమిటంటే వాళ్ళిద్దరూ విడిపోయారు, పిల్లాడి బాధ్యత ఇద్దరికీ ఉమ్మడిగా ఉంది. మేం ఆ విషయం అడగలేదు, ఫారంలో ఆ ప్రశ్నే లేదు. కొన్ని దేశాల్లో ఇలాంటప్పుడు ఒకరి సంతకం సరిపోదు, ముఖ్యంగా బిడ్డ ముఖం జనంలోకి వెళ్ళే విషయాల్లో. ఆ అబ్బాయి మూడు సీన్లలో ఉన్నాడు. ఒకటి తీసేశాం. ఇంకోదాంట్లో బొమ్మ పెద్దది చేసి వాడిని ఫ్రేమ్ అంచు బయటికి నెట్టాం, దాంతో బొమ్మ కాస్త మసకబారింది. మూడోది సినిమా మొత్తానికీ ఆయువుపట్టు లాంటి సీను. వాడు మొదటిసారి తాళం తప్పకుండా వాయించి మాస్టారు వైపు చూస్తాడు. అది పోయింది. వేరే పిల్లతో ఉన్న మామూలు సీను పెట్టుకున్నాం. ఆ సినిమా ఇప్పుడు చూసినా నాకు ఆ చోట కుట్లే కనిపిస్తాయి.

అప్పటి నుంచి నా పిల్లల ఫారంలో రెండు లైన్లు తప్పనిసరి. ఒకటి, సంతకం పెట్టేవాళ్ళు బిడ్డకి ఏమవుతారు అనేది. రెండోది ఇలా ఉంటుంది: "ఈ బిడ్డ తరఫున సంతకం పెట్టే హక్కు నాకుంది. ఇంకెవరి అనుమతైనా అవసరమైతే వారి సంతకం కూడా కింద ఉంది." దాని కింద రెండో సంతకానికి ఖాళీ గడి. ఆ లైను ఉన్నంత మాత్రాన రెండో తల్లో తండ్రో అభ్యంతరం చెప్పే హక్కు పోదు, అది గుర్తుంచుకోండి. కానీ ఆ గడి చూడగానే సంతకం పెట్టే మనిషి ఆగుతుంది, "మరి వాళ్ళ నాన్న..." అని నోరు విప్పుతుంది. మనకి కావాల్సింది ఆ మాట షూటింగ్‌కి ముందు బయటికి రావడమే. నావరకు నేను సినిమాలో ముఖ్యంగా కనిపించే నలుగురైదుగురు పిల్లలకి ఇద్దరి సంతకాలూ అడుగుతాను, విడిపోయారా లేదా అని ఆరా తీయను.

ఫారం రాని పిల్లల్ని ఏం చేయాలి? క్లాసు మానేసి ఇంటికి పొమ్మనకూడదు, అది అన్యాయం. చేతికి రంగు బ్యాండ్లు కట్టే పద్ధతి ఒకటుంది, నాకు నచ్చదు, పిల్లలకి వెంటనే అర్థమైపోతుంది ఎవరు వేరో. నేను కోచ్‌తో ముందే మాట్లాడి నిలబడే వరసలు మార్పిస్తాను. కెమెరా ఒక గోడ వైపే ఉంటుందని తేల్చుకుంటే, ఫారం రానివాళ్ళు కెమెరా వెనక వైపు వరసలో ఉంటారు. కరాటేలో వరసలు ఎలాగూ ఉంటాయి కాబట్టి మీకు ఇది తేలిక. ఆ రోజు కెమెరా పట్టేవాళ్ళకి మాత్రం "ఈ గీత దాటి తిప్పొద్దు" అని గట్టిగా చెప్పాలి. అద్దాలున్న హాలైతే జాగ్రత్త, వెనక వరస మొత్తం అద్దంలో వచ్చేస్తుంది.

ఇంకో సంగతి. అమ్మా నాన్నా సంతకం పెట్టారు కదా అని పిల్లల్ని అడగకుండా ఉండకండి. డ్రమ్స్ సినిమాలోనే పదేళ్ళ అమ్మాయి ఒకతి ఉండేది, తల్లికి చాలా ఉత్సాహం, మొదటి ఫారం ఆవిడదే. కెమెరా తిరిగినప్పుడల్లా ఆ పిల్ల వీపు తిప్పేసేది. రెండో రోజు పక్కన కూర్చుని "నిన్ను తీయొద్దా?" అంటే తల ఊపింది. వదిలేశాం. చట్టం అడిగినా అడక్కపోయినా, ఇష్టం లేని పిల్ల స్క్రీన్ మీద ఇష్టం లేనట్టే కనిపిస్తుంది. పిల్లలకి అర్థమయ్యే మాటల్లో చెప్పి, వాళ్ళ "సరే" కూడా ఫారంలో ఒక లైనుగా రాయించుకుంటే ఇంకా మంచిది. పన్నెండు పదమూడేళ్ళు దాటినవాళ్ళ చేత నేను సంతకమే పెట్టిస్తాను, తల్లిదండ్రుల సంతకం పక్కనే.

ఇక హాలు.

"హాలు కూడా ఆయనే నడుపుతున్నారు" అని రాశారు. నడపడం వేరు, సొంతం కావడం వేరు. అది అద్దెదైతే ఓనరు ఎవరో కనుక్కోండి. అద్దె అగ్రిమెంట్‌లో "క్లాసులకి తప్ప వేరే పనికి వాడకూడదు" అనే మాట ఉంటే, షూటింగ్ వల్ల మీ కోచ్‌కే ఇల్లుగలవాళ్ళతో తగువు వస్తుంది, మీకన్నా ముందు ఆయన ఇరుక్కుంటాడు. డ్రమ్స్ మాస్టారిది కూడా అద్దె గదే. బిల్డింగ్ ఓనరు షూటింగ్ రోజు ఏమీ అనలేదు, లైట్లు చూసి నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. సినిమా ఒక ఫిల్మ్ ఫెస్టివల్‌కి ఎంపికైందని తెలిశాక అతని నుంచి ఉత్తరం వచ్చింది, తన బిల్డింగ్‌ని తన అనుమతి లేకుండా వాడుకున్నామని. మాట్లాడి సర్దుకున్నాం, తర్వాత తేదీతో ఒక కాగితం రాసిచ్చాడు. అయితే అప్పుడు బేరమాడే స్థితిలో ఉన్నది అతను, మేం కాదు. షూటింగ్‌కి ముందు అడిగి ఉంటే ఒక్క రోజులో తేలే పని అది.

లొకేషన్ ఫారంలో ఏం ఉండాలంటే: ఏ గదులు, ఏ తేదీలు, ఏ టైము నుంచి ఏ టైము దాకా, ఏదైనా షాట్ సరిగ్గా రాకపోతే మళ్ళీ వచ్చి తీసుకునే వీలు, ఏదైనా పాడైతే ఎవరు బాగుచేయిస్తారు, తీసిన బొమ్మల్ని సినిమాలో, ట్రైలర్‌లో, పోస్టర్‌లో వాడుకునే హక్కు. చివరిది చాలామంది రాయరు. లోపలికి రానివ్వడం ఒక అనుమతి, లోపల తీసింది జనానికి చూపించడం ఇంకో అనుమతి. "రండి, తీసుకోండి" అన్న మెసేజ్ మొదటిదానికే సరిపోతుంది. సంస్థల హాళ్ళయితే ఇన్సూరెన్స్ కాగితం కూడా అడుగుతారు, ఎవరికైనా దెబ్బ తగిలితే ఖర్చు మీ పాలసీ భరిస్తుందని, అందులో వాళ్ళ పేరు కూడా చేర్చమని. దానికి కొన్ని రోజులు పడుతుంది, ముందురోజు సాయంత్రం దొరికేది కాదు.

అలాగే ఓనరు సంతకం గోడలకే. లోపల ఉన్న మనుషులకి అది పనికిరాదు, గోడకి తగిలించిన బొమ్మలకీ పనికిరాదు. లెన్స్ బిగించే ముందు హాలంతా ఒకసారి తిరిగి గోడలు చూడండి. నోటీసు బోర్డు మీద పిల్లల పూర్తి పేర్లు, ఇంటి ఫోన్ నంబర్లు ఉన్న లిస్టు ఉంటుంది, అది తప్పకుండా తీయించేయండి. పిల్లలు వార్మప్ చేసేటప్పుడు స్పీకర్‌లో సినిమా పాట పెడతారు, అది ఆపించండి. ఆ పాట హక్కులు కొనడం మీ సినిమా బడ్జెట్‌కి అందే పని కాదు, డైలాగ్ కింద నుంచి దాన్ని విడదీయడమూ అంత తేలిక కాదు.

ఇప్పుడు వీధి. ఇక్కడ అందరూ "పబ్లిక్ ప్లేస్ కదా, ఎవరినైనా తీయొచ్చు" అంటారు. కొన్నిచోట్ల నిజమే, కొన్నిచోట్ల కాదు. రెండు కేసులు చెప్తాను, తేడా తెలుస్తుంది.

న్యూయార్క్‌లో ఒక ఆర్ట్ ఫొటోగ్రాఫర్ టైమ్స్ స్క్వేర్ దగ్గర నడిచిపోయేవాళ్ళను వాళ్ళకి తెలియకుండా ఫొటోలు తీసి గ్యాలరీలో పెట్టాడు. అందులో ఉన్న ఒకాయన కేసు వేశాడు. 2006లో అక్కడి కోర్టు ఫొటోగ్రాఫర్ వైపే చెప్పింది, అది కళ, వ్యాపార ప్రకటన కాదు అని. కెనడాలోని క్యూబెక్‌లో దీనికి పూర్తిగా ఉల్టా. మాంట్రియల్‌లో ఒక మెట్ల మీద కూర్చున్న 17 ఏళ్ళ అమ్మాయిని ఫొటో తీసి ఒక పత్రికలో వేశారు. పబ్లిక్ ప్లేసే, అభ్యంతరకరంగా ఏమీ లేదు. 1998లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆ అమ్మాయి వైపు తీర్పు చెప్పింది, 2,000 డాలర్ల పరిహారం నిలబడింది. తన బొమ్మను వేయనివ్వాలా వద్దా అన్నది ఆమె నిర్ణయమని. ఆ తీర్పులోనే ఇంకో మాట ఉంది: గుంపులో ఒకరిగా కనిపించినవాళ్ళకీ, లొకేషన్ బొమ్మలో యాదృచ్ఛికంగా పడ్డవాళ్ళకీ ఇది వర్తించదు, ఫొటో ఆ ఒక్క మనిషి గురించే అయినప్పుడు సమస్య.

నేను ఏ దేశంలో పనిచేసినా ఆ రెండో కేసు ప్రకారమే నడుచుకుంటాను. వీధి షాట్ ఎడిట్‌లో పెట్టేముందు నన్ను నేను అడిగే ప్రశ్నలు ఇవి: ఈ మనిషిని వాళ్ళింట్లోవాళ్ళు గుర్తుపడతారా? కెమెరా వాళ్ళ మీద ఆగిందా, లేక వాళ్ళే ఫ్రేమ్‌లోంచి దాటిపోయారా? వాళ్ళు కనిపిస్తున్నప్పుడు వెనక నుంచి ఏం వినిపిస్తోంది?

మూడోది చాలామందికి తట్టదు. మీ కోచ్ ఇంటర్వ్యూలో "ఈ వీధిలో కుర్రాళ్ళు మత్తుకి అలవాటు పడిపోయారు" అంటాడు అనుకోండి, ఎడిటర్ ఆ మాట మీద వీధి షాట్ వేస్తాడు, అందులో ఎవరో కుర్రాడు గోడకి ఆనుకుని ఫోన్ చూసుకుంటుంటాడు. అంతే, ఆ కుర్రాణ్ణి మీరు మత్తుకి బానిసను చేసేశారు. మామూలుగా ఫారం అక్కర్లేని షాట్ అది, ఆ మాట పడగానే పరువునష్టం కేసు. ఇలాంటి మాటల కింద నేను ఖాళీ వీధి, కాళ్ళు, వీపులు, దూరం నుంచి గుంపు తప్ప ముఖాలు పెట్టనివ్వను, రిలీజ్ ఫారం ఉన్నా సరే.

ఎవరైనా కెమెరాతో మాట్లాడితే, ఒక్క వాక్యమైనా, ఫారం తీసుకోండి. వీధిలో కాగితం కుదరకపోతే కెమెరా ఆన్‌లోనే ఉంచి చెప్పించండి: పేరు, ఆ రోజు తేదీ, సినిమా పేరు, "నన్ను తీసింది ఈ సినిమాలోనూ దాని ప్రచారంలోనూ ఎక్కడైనా వాడుకోవచ్చు" అని. ఏమీ లేకపోవడం కన్నా ఇది చాలా నయం, అయితే సినిమా కొనేవాళ్ళలో కొందరు కాగితమే అడుగుతారు. తాగి ఉన్నవాళ్ళు, అప్పుడే యాక్సిడెంట్ చూసి వణుకుతున్నవాళ్ళు చెప్పిన "సరే"ని నేను లెక్కలోకి తీసుకోను, మర్నాడు మళ్ళీ అడుగుతాను. ఫారం వాళ్ళు చదవగలిగే భాషలో ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

మీకు టోర్నమెంట్ లాంటి సీను ఉంటే గుమ్మం దగ్గర నోటీసు పెడతారు, "ఈ రోజు ఇక్కడ షూటింగ్ జరుగుతోంది, లోపలికి వస్తే ఒప్పుకున్నట్టే" అని. పెద్దవాళ్ళ గుంపుకి అది పనికొస్తుంది. ఆ నోటీసు ఎక్కడ పెట్టారో, జనం దాని పక్క నుంచి ఎలా లోపలికి వస్తున్నారో కెమెరాతోనే తీసి ఉంచండి, తర్వాత అడిగితే చూపించడానికి. పిల్లలకీ, క్లోజప్‌లో కనిపించేవాళ్ళకీ మాత్రం దాన్ని నమ్ముకోవద్దు.

ఫారాలు తీసుకోవడం సగం పని, వెతికితే దొరకడం ఇంకో సగం. ఆర్నెల్ల తర్వాత ఎడిటింగ్ టేబుల్ దగ్గర "ఈ నీలం బెల్టు అబ్బాయి ఎవరు?" అని అడిగితే సమాధానం ఉండాలి. డ్రమ్స్ సినిమాకి మా దగ్గర 40కి పైగా ఫారాలున్నాయి, ఏ ఫారం ఏ ముఖానిదో మాత్రం మాస్టారిని కూర్చోబెట్టి అడగాల్సి వచ్చింది. ఇప్పుడు ప్రతి ఫారానికీ ఒక నంబరు వేస్తాను, పెద్దవాళ్ళయితే ఫారం పట్టుకోమని ఒక ఫొటో తీస్తాను. పిల్లలకి అలా కాకుండా ఫుటేజ్ నుంచి ఒక ఫ్రేమ్ తీసి నంబరు పక్కన అతికిస్తాను. ఒక షీట్‌లో నంబరు, ఏ రోజు, ఏ మెమరీ కార్డు, ఏం వేసుకున్నారు, ఎవరు సంతకం పెట్టారు. కరాటేలో అందరూ ఒకే తెల్ల బట్టల్లో ఉంటారు కాబట్టి మీకు బెల్టు రంగు, జుట్టు, కళ్ళద్దాలు కూడా రాసుకోవాలి. ఈ షీట్‌లో పిల్లల వివరాలు ఉంటాయి గనక యూనిట్ గ్రూపులో అందరికీ పంపేయకండి, ఇద్దరి దగ్గర ఉంటే చాలు.

ఇదంతా ఎవరు అడుగుతారు అనుకోవచ్చు. ఫిల్మ్ ఫెస్టివల్స్‌కి పంపేటప్పుడు ఎక్కువగా "హక్కులన్నీ నావే" అని టిక్ పెట్టమంటారు, అంతే. టీవీకో స్ట్రీమింగ్‌కో ఇచ్చేటప్పుడు మాత్రం ఫారాలన్నీ ఫైలు చేసి ఇమ్మంటారు, ఎవరైనా కేసు వేస్తే భరించే ఇన్సూరెన్స్ కంపెనీ కూడా అదే ఫైలు చూస్తుంది. అందుకే ఫారంలో "నిర్మాతకి, నిర్మాత నుంచి హక్కులు పొందినవారికి" అనే మాట ఉండాలి. మీ పేరు ఒక్కటే రాసి ఉంటే మీరు సినిమా అమ్మినప్పుడు కొన్నవాళ్ళు మళ్ళీ సంతకాలు అడగొచ్చు, అప్పటికి ఆ 18 మందిలో సగం మంది ఊరు మారి ఉంటారు.

సంతకం పెట్టాక ఎవరైనా మనసు మార్చుకుంటే? కాగితం ప్రకారం చాలాచోట్ల మీదే పైచేయి, యూరప్‌లో వ్యక్తిగత సమాచార చట్టం వల్ల లెక్కలు కొంచెం వేరు. నేనైతే ఎడిట్ ఖరారయ్యే దాకా ఎవరు అడిగినా వింటాను, పిల్లల విషయంలో ఆ తర్వాత కూడా వింటాను. ముఖం మసక చేస్తే సరిపోతుందనుకోకండి, గొంతు, బెల్టు, పక్కన నిలబడ్డ అన్నయ్య, కోచ్ పేరు పెట్టి పిలిచిన పిలుపు, వీటిలో ఏదో ఒకటి పట్టిస్తుంది. మసక చేయాల్సి వచ్చిందంటే నేను ఆ షాట్ ఎలా తీసేయాలా అని చూస్తాను.

మీరు ఇప్పుడు చేయాల్సింది, కోచ్‌ని హాలు అద్దె అగ్రిమెంట్ చూపించమని అడగండి. అది తేలాక పిల్లల ఫారాలు కోచ్ చేతికివ్వకుండా, క్లాసు అయ్యాక పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చే తల్లిదండ్రులకి మీరే స్వయంగా ఇవ్వండి. కోచ్ ఇస్తే కాదనడానికి మొహమాటపడతారు, అలా వచ్చిన సంతకాలే తర్వాత తిరగబడతాయి. మొదటి రెండు రోజులు కెమెరా లేకుండా వెళ్ళండి. మీకు ఎన్ని ఫారాలు వచ్చాయో చూసి వరసలు ఎలా మార్చాలో ఇక్కడే రాస్తే చెప్తాను.